ఎక్స్‌లో సగం

పేపర్లు దిద్దే గదిలో కిటికీ వైపు బల్లలు సీనియర్లవి, తలుపు వైపు బల్లలు మిగతావాళ్ళవి. ఈసారి లెక్కల పేపర్ తయారు చేసింది తనే అయినా ఆమె తలుపు వైపే కూర్చుంది. పేపర్ ఎవరు తయారు చేశారో ఆ ఉదయం దాకా గదిలో ఎవరికీ తెలియదు. సీలు వేసిన కవరు చింపి, జవాబుల నమూనాను బల్లల మీద పంచాక, కింద ఉన్న సంతకం చూసి పక్క బల్ల ఆయన తల తిప్పాడు.

"మీరేనా అమ్మా ఇది?"

"నేనే మాస్టారూ."

"బానే ఉంది గానీ, అయిదో లెక్కకి ఇంత చుట్టు ఎందుకు తిరిగారు?"

ఆయన్ని కాలేజీలో అందరూ కత్తెర మాస్టారు అంటారు. పిల్లల మార్కులు కత్తిరించడంలో ఆయన చెయ్యి తిరిగినవాడు. ఆ పేరు ఆయనకు తెలుసు. తెలిసినట్టు ఎప్పుడూ కనిపించడు.

అయిదో లెక్క ఇది. రెండు చలరాశుల ప్రమేయం. మూలబిందువు కాని చోట్ల f(x, y) = x²y²/(x² + y⁴). మూలబిందువు దగ్గర విలువ సున్నా. ఇది మూలబిందువు దగ్గర అవిచ్ఛిన్నమా కాదా, కంటిన్యూటీ ఉందా లేదా పరీక్షించమని ప్రశ్న. అంటే x, y రెండూ ఏ దారిన సున్నాకు వెళ్ళినా ప్రమేయం కూడా సున్నాకే వెళ్ళాలి. దారులు లెక్కలేనన్ని కాబట్టి ఒక్కొక్కటే చూస్తూ కూర్చుంటే తెల్లారదు. ప్రమేయాన్ని సున్నాకూ, సున్నాకు దిగిపోయే మరో రాశికీ మధ్య ఇరికించాలి. పైనున్నది దిగితే మధ్యలోది దిగక తప్పదు. దీన్నే క్లాసులో స్క్వీజ్ అంటారు.

"x² అనేది x² ప్లస్ y⁴ కంటే పెద్దది కాదు కదా," అన్నాడు కత్తెర మాస్టారు. "ఆ భిన్నం ఒకటి దాటదు. తీసి పక్కన పెడితే y² మిగులుతుంది. అది సున్నాకు పోతుంది. ఒక్క లైను. మీరేమో ఎక్స్‌లో సగం అని రాశారు. ఎక్కణ్ణుంచి తెచ్చారు ఈ సగాన్ని?"

"ఎలా చేసినా మార్కులు ఇవ్వమని కిందే రాశాను మాస్టారూ."

"చూశాను. తిన్నగా పోయే దారి ఉండగా అలా ఎందుకు పోయారా అని."

 అది చెప్పాలంటే ఆ లెక్క పుట్టుక చెప్పాలి. మొదట ఆమె రాసుకున్నది వేరే లెక్క. పైన xy², కింద అదే హారం. పాఠ్యపుస్తకాల్లో అరిగిపోయిన ఉదాహరణ అది. ఏ సరళరేఖ వెంట వెళ్ళినా సున్నాకు పోతుంది. కానీ x = y² అనే వంపు వెంట వెళితే సగం దగ్గరే నిలబడిపోతుంది, దిగదు. అందుకని అది అవిచ్ఛిన్నం కాదు. పిల్లలందరికీ నోటికి వచ్చిన లెక్క కదా అని ఆమె పైన ఇంకో x పెట్టి గుణించింది. పాతది సగం దాటదు కాబట్టి కొత్తది ఎక్స్‌లో సగం దాటదు. లెక్క పుట్టిన దారే నమూనాలోకి వచ్చింది. పాత లెక్క చూడని మనిషికి ఆ దారి తట్టదు.

కట్టలు విప్పారు. అయిదో లెక్కను చాలామంది వదిలేశారు. కొందరు రెండు మూడు సరళరేఖల వెంట వెళ్ళి, సున్నా వచ్చిందని చేతులు దులుపుకున్నారు. వాళ్ళకు ఒక మార్కు. సరిగ్గా చేసినవాళ్ళంతా కత్తెర మాస్టారు దారినే వెళ్ళారు. y², y², y². సాయంత్రం అవుతుండగా ఆమె ఒక జవాబు పత్రం తిప్పి ఆగిపోయింది.

(|x| − y²)² ≥ 0. కాబట్టి 2|x|y² ≤ x² + y⁴. కాబట్టి |f| ≤ |x|/2.

ఎక్స్‌లో సగం. అవే మూడు మెట్లు, అదే వరస.

ఆమె పేజీ తిప్పేసి ఉండేదే. కత్తెర మాస్టారు అప్పుడే గీత గీసే స్కేలు అడగడానికి వంగాడు. ఆయన కళ్ళు స్కేలు మీద పడలేదు.

"అమ్మా, ఇది మీ నమూనా కదా."

"అలాగే ఉంది."

"అలాగే ఉండటం ఏమిటి? దించేశాడు. పొద్దున్నించి ఈ గదిలో దిద్దిన కట్టల్లో ఇలా రాసినవాడు ఇంకొకడున్నాడా?" ఆయన గొంతు తగ్గించాడు. "కవరు చింపింది ఇవాళ మన ముందే. అంతకు ముందు ఈ జవాబు ఎవరి దగ్గరుంది?"

"నా దగ్గరే."

"మీ ఇంట్లో."

ఆమె కలం మూత పెట్టింది.

"మీ తమ్ముడు ట్యూషన్లు చెబుతాడు కదూ. మీ ఇంటి మేడ మీదే అనుకుంటా."

మామూలుగా అన్నాడు, కుశలం అడిగినట్టు. ఆమె తల ఎత్తి ఆయన్ని చూసింది.

"నేను ఎవరినీ ఏమీ అనడం లేదమ్మా. ఫారం ఒకటి ఉంది. అనుమానం వస్తే నింపి చీఫ్ ఎగ్జామినర్‌కి ఇవ్వాలి. ఇవాళ ఆయన వెళ్ళిపోయారు. రేపు పొద్దున్న మీరు రాస్తారా, నన్ను రాయమంటారా?"

"నేనే రాస్తాను."

ఫారం రాస్తే ఏమవుతుందో గదిలో అందరికీ తెలుసు. పత్రం కమిటీకి వెళుతుంది. నంబరు విప్పి పేరు బయటికి తీస్తారు. ఆ విద్యార్థికి ఈ ఏడు రాసిన పరీక్షలన్నీ రద్దు. ఆ తర్వాత ఎక్కడ చదివాడు, ఎవరు చెప్పారు అని విచారణ. మేడ మీద బల్లలు ఎత్తేయాల్సి వస్తుంది. తమ్ముడికి ఆ బల్లలు తప్ప ఇంకో ఆధారం లేదు.

ఇంటికి చేరాక ఆమె చెప్పులు కూడా విప్పకుండా మేడ మెట్లు ఎక్కింది. పిల్లలు వెళ్ళిపోయారు. తమ్ముడు బల్లలు వరసలో జరుపుతున్నాడు.

"ఏంటక్కా, ఇన్‌స్పెక్షనా? ముందే చెబితే సుద్దముక్కలు దాచేవాణ్ణి కదా."

ఆమె బోర్డు వైపు చూసింది. తుడిచి ఉంది. ఒక మూల కూడా వదలకుండా తడిగుడ్డతో తుడిచి ఉంది. తమ్ముడు బోర్డు తుడవడు. నిన్నటి లెక్క మీదే ఇవాళ్టి లెక్క రాస్తాడు. ఆ గీతల్లో ఏది ఎవరిదో వాడికే తెలియాలి. ఎన్నిసార్లు చెప్పినా మారలేదు.

"బోర్డు తుడిచావే."

"తప్పా?"

"అడిగానంతే. కంటిన్యూటీ పాఠం ఎప్పుడు చెప్పావు?"

వాడు బల్ల వదిలి నిలబడ్డాడు. "దేనికి?"

"అడిగితే చెప్పడానికేం?"

"చెప్పలేదు."

"ఎప్పుడో చెప్పలేవా, అసలు పాఠమే చెప్పలేదా?"

"పాఠమే చెప్పలేదు. రెండు చలరాశుల కంటిన్యూటీ ఈ ఏడు ఎవరికీ చెప్పలేదు."

ఆమె నవ్వింది. నవ్వొచ్చి కాదు, కోపం ఆపుకోవడానికి. ప్రతి పరీక్షకూ వచ్చే పాఠాన్ని వదిలేసే ట్యూషన్ మాస్టారు ఎక్కడైనా ఉంటాడా? అబద్ధమాడితే కాస్త అతికేలా ఆడాలి అనుకుంది.

"ఒరేయ్, నాతో దాగుడుమూతలు వద్దు. నేను రాసిన జవాబు ఒక పిల్లాడి పేపర్లో వచ్చింది. మెట్టు తప్పకుండా వచ్చింది. వాడికి ఎలా వెళ్ళింది?"

 తమ్ముడు బల్ల అంచున కూర్చున్నాడు.

"నువ్వు గొణుగుతావక్కా."

"ఏంటి?"

"బట్టలు ఆరేసేటప్పుడు లెక్కలు గొణుగుతావు. చిన్నప్పటినుంచీ అంతే. నీకు తెలియదు, ఇంట్లో అందరికీ తెలుసు. ఆ రోజు మేడ మీద ఆరేస్తూ అన్నావు. 'పాతది సగం దాటదు, ఎక్స్‌తో గుణిస్తే సరి, ఎక్స్‌లో సగం' అన్నావు. పక్క గదిలో నేను. చెవులు మూసుకునే లోపే చెవిన పడింది."

ఆమె అక్కడే ఉన్న పిల్లల బల్ల మీద కూర్చుండిపోయింది.

"ఏ లెక్కో వినగానే తెలిసిపోయింది. పేపర్ నీకే ఇచ్చారని కూడా అప్పుడే తెలిసింది. ఏం చేయను? నీకు చెబితే పేపర్ మళ్ళీ తయారు చేయాలి, ఎందుకని వాళ్ళు అడుగుతారు, నీ పరువు పోతుంది. పిల్లలకు ఆ పాఠం చెబితే నా నోటినుంచి ఏ మాట జారుతుందో నాకే నమ్మకం లేదు. అందుకని మానేశాను."

"మానేశావు."

"మానేశాను."

"మరి బోర్డు?"

"అద్దె వసూలుకి ఇంటి యజమాని వచ్చాడు. బోర్డు మీది సుద్దంతా పడి గోడ పాడవుతోందని తిట్టాడు. తుడిచాను. దానికీ సాక్షి కావాలా?"

ఆమె కిందికి దిగింది. అన్నం పెట్టుకున్నారు. ఇద్దరూ కంచాల్లోకి చూస్తూ తిన్నారు. పెరుగు అందించమనడానికి కూడా వాడు నోరు విప్పలేదు, లేచి తనే తీసుకున్నాడు.

వాడు చెప్పింది నమ్మాలని ఉంది ఆమెకు. కానీ తేలిందల్లా ఒక్కటే. పరీక్షకు ముందే జవాబు వాడి చెవిన పడింది. తర్వాత మానేశాననేది వాడి మాట. ఆ మాటను ఏ వైపునుంచి తిప్పి చూసినా అనుమానం కొంత తగ్గుతుంది, సున్నాకు మాత్రం దిగదు. పైనున్నది దిగకపోతే ఏదీ తేలదని ఆమె ఏటా క్లాసులో చెబుతుంది. అవునని తేలదు, కాదనీ తేలదు.

పొద్దున్నే కాలేజీకి వెళ్ళి ఆమె ఫారం తీసుకుంది. కత్తెర మాస్టారు అప్పటికే వచ్చి, కలం మూత తీసి కూర్చున్నాడు. గడియారం చూశాడు, ఫారం చూశాడు.

నంబరు రాసింది. ప్రశ్న సంఖ్య రాసింది. మూడో గడిలో, అనుమానించిన జవాబు ఏ పేజీలో మొదలై ఏ పేజీలో ముగిసిందో రాయాలి. ముగిసిన పేజీ తెలుసు. మొదలైన పేజీ కోసం పత్రం వెనక్కి తిప్పింది. అయిదు అనే అంకె ముందు పేజీ తలలో ఉంది. ఆ పేజీ మీద మూలనుంచి మూలకు పెద్ద గుణకారం గుర్తు. విద్యార్థే కొట్టేశాడు.

నిన్న ఆమె ఆ పేజీ చదవలేదు. కత్తెర మాస్టారూ చదవలేదు. ఆ గదిలో ఎవరూ చదవరు. కొట్టేసినదానికి మార్కులు లేవు, మార్కులు లేనిదాన్ని చదివితే కట్ట తెమలదు. కొత్తగా వచ్చిన లెక్చరర్‌కి మొదటి రోజే చెప్పే సంగతి అది. గుణకారం గుర్తు కనిపిస్తే చెయ్యి దానంతటదే పేజీ తిప్పేస్తుంది.

ఇప్పుడు చదవక తప్పలేదు. గడి నింపాలి.

మొదటి లైను: "(0, 0) కాని బిందువుల దగ్గర." ఆ కింద x = y² పెట్టాడు. హారం చూసి ఎవరికైనా తట్టే వంపే అది. పైన y⁶, కింద 2y⁴, మిగిలింది y²/2. ఆ కింద ఒక ఊహ: అన్ని చోట్లా |f| ≤ y²/2 అయి ఉండాలి. పక్కన పరీక్ష: x = 2, y = 1. పైన నాలుగు, కింద అయిదు. నాలుగు భాగించు అయిదు సగం కంటే పెద్దది. ఊహ తప్పు. దాని పక్కన ప్రశ్నార్థకం, అంత లావుగా దిద్దాడంటే కలం అక్కడ కాసేపు ఆగిందన్నమాట. కింద ఇంకో లైను: "ఈ వంపు మీద y² అంటే x. కాబట్టి y²/2 అంటే x/2 కూడా." మళ్ళీ పరీక్ష. అవే రెండు అంకెలూ, ఒకసారి జారినవాడు చూసుకుని కాలు వేసినట్టు. x = 2, y = 1. ఎక్స్‌లో సగం ఒకటి. నాలుగు భాగించు అయిదు ఒకటి కంటే చిన్నది. అక్కడ ఒక టిక్కు. తర్వాత పేజీ మొత్తానికి గుణకారం గుర్తు పెట్టి, పక్క పేజీలో రుజువు శుభ్రంగా రాశాడు.

ఆమె ఆ పేజీని రెండోసారి చదివింది. తన నమూనాలో ఈ వంపు లేదు. ఈ తప్పు ఊహ అసలే లేదు. తను గొణిగిన మాటల్లోనూ లేదు. తను పాత లెక్కను ఎక్స్‌తో గుణించి సగానికి చేరింది. ఈ విద్యార్థి వంపు మీద నడిచి చేరాడు. ఆ వంపు మీద f సరిగ్గా ఎక్స్‌లో సగమే, వెంట్రుకవాసి తేడా లేదు. అక్కడ నిలబడ్డవాడికి ఆ సగం కాళ్ళ కిందే ఉంది.

"మాస్టారూ, ఇది ఒకసారి చూడండి."

"కొట్టేసింది కదమ్మా."

"అందుకే చూడమంటున్నాను."

ఆయన కళ్ళజోడు సర్దుకుని చదివాడు. "నటన కావచ్చు. చేత జవాబు ఉన్నవాడు కూడా కష్టపడ్డట్టు ఒక పేజీ రాసి కొట్టేయగలడు. నేను అలాంటివాళ్ళను చూశాను."

"రెండు, ఒకటి వేసి చూడండి."

"చూశాను. నాలుగు బై అయిదు."

"జవాబు ఎక్స్‌లో సగం అని ముందే తెలిసినవాడు y²లో సగం అని ఎందుకు మొదలుపెడతాడు? అది తప్పని తేలాక, అక్కడ సగం తీసేసి y² అని ఉంచితే మీ ఒక్క లైను జవాబు వచ్చేసేది. తీయలేదు. తట్టలేదు. సగాన్ని పట్టుకుని y వదిలేశాడు. నటించేవాడు తనకు తట్టనిదాన్ని ఎలా నటిస్తాడు?"

కత్తెర మాస్టారు పత్రం పక్కకు చిత్తుకాగితం లాక్కున్నాడు. రెండు, ఒకటి వేశాడు. ఒకటి, రెండు వేశాడు. పైన నాలుగు, కింద పదిహేడు. ఏదో గొణిగాడు. చిత్తుకాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"గుమ్మం దాకా వచ్చి కిటికీలోంచి దూకాడు," అన్నాడు చివరికి. "ఇలాంటి తెలివితక్కువ పని సొంతంగా ఆలోచించేవాడే చేస్తాడు. ఫారం ఇలా ఇవ్వండి."

ఫారాన్ని ఆయనే రెండుగా చింపాడు. ఆ తర్వాత వెంటనే వేలు జవాబు మొదటి లైను మీద పెట్టాడు.

"కానీ ఇక్కడ, మూలబిందువు కాని చోట అని రాయకుండా భాగించేశాడు. అర మార్కు పోతుంది."

"వెనక పేజీలో రాశాడు కదా మాస్టారూ."

"వెనక పేజీ కొట్టేశాడు."

ఆమె అర మార్కు తగ్గించింది. నియమం అది. తర్వాత కలం పక్కన పెట్టి, తను బట్టలు ఆరేస్తూ గొణిగిన సంగతి, అది తమ్ముడి చెవిన పడిన సంగతి చెప్పింది. ఆయన వింటూ ఇంకో పత్రం దిద్దుతున్నట్టు తల వంచుకునే ఉన్నాడు. కలం మాత్రం కదల్లేదు.

"ఇది నాకెందుకు చెబుతున్నారు?"

"ఎవరికో ఒకరికి చెప్పాలి. వచ్చే ఏడు పేపర్ నాకు వద్దని చీఫ్‌కి రాసిస్తాను. కారణం కూడా రాస్తాను."

"రాయండి. మీ తమ్ముడు నిజం చెప్పాడంటారా?"

"ఈ పత్రం వరకు తేలింది. వాడి సంగతి ఇందులో లేదు."

సాయంత్రం ఆమె ఇంటికి వచ్చేసరికి మేడ మెట్ల మీద ఒక అమ్మాయి నిలబడి తమ్ముడితో గొడవ పడుతోంది. భుజాన సంచి, చేతిలో ప్రశ్నపత్రం.

"సార్, అయిదోది మొత్తం వదిలేశాను. మా బెంచీలో అందరం వదిలేశాం. ఆ పాఠం చెప్పమని ఎన్నిసార్లు అడిగాం? కాలేజీలో చెప్పింది అర్థం కాకే కదా ఇక్కడికి వస్తున్నాం. మీరేమో మాట దాటేశారు. ఒకసారి తలనొప్పి అన్నారు, ఇంకోసారి సుద్దముక్కలు లేవన్నారు."

"పొరపాటయిందమ్మా. వచ్చే పరీక్షకు ముందు దాంతోనే మొదలుపెడతా."

"వచ్చే పరీక్షకా సార్? ఈ మార్కులు ఎవరిస్తారు?"

ఆ అమ్మాయి ఆమెను చూసి పక్కకు తప్పుకుని, మెట్లు దిగిపోయింది. వీధి గేటు చప్పుడైంది. నిన్న తను దిద్దిన కట్టల్లో అయిదో లెక్క వదిలేసిన పత్రాలు ఆమెకు గుర్తొచ్చాయి. ఖాళీ కనిపించినచోటల్లా ఎర్ర సున్నా చుట్టి ముందుకు పోయింది. వాటిలో మేడ మీది బల్లలవి ఏవో తెలియదు.

"ఏమైంది?" అన్నాడు తమ్ముడు.

"ఏం కాలేదు. ఆ పిల్లాడు సొంతంగానే చేశాడు. ఫారం చింపేశాం."

"ఎలా తెలిసింది?"

"కొట్టేసిన పేజీ చదివాను. జవాబు ఎలా చేరాడో అందులో ఉంది."

తమ్ముడు తల ఊపాడు. మెట్ల గోడ మీద గోటితో గీశాడు.

"అంటే నా మాట మీద కాదన్నమాట."

ఆమె అబద్ధం చెప్పగలిగేది. చెప్పలేదు.

"కాదు."

"సరే."

వాడు గదిలోకి వెళ్ళిపోయాడు. ఆమె కిందికి వెళ్ళి, పొద్దున్న నానబెట్టిన బట్టలు పిండి, బకెట్ మోసుకుని మేడ మీదికి వచ్చింది. తీగ తుడిచి, చీర ఒక కొస వేసింది, రెండో కొస లాగింది. పెదవులు బిగబట్టి ఆరేసింది. క్లిప్పులు పెట్టే చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. తువ్వాళ్ళు అయ్యాయి. తమ్ముడి చొక్కా తీసి దులిపింది.

గది తలుపు తెరుచుకుంది. వాడు గుమ్మంలో నిలబడి చేతులు కట్టుకున్నాడు.

"గొణుక్కో అక్కా. పరీక్ష అయిపోయిందిగా."

ఆమె చొక్కా తీగ మీద వేసి, చేతులు సాగదీసింది. ఏం గొణగాలో తోచలేదు.

"వచ్చే ఏడు పేపర్ నాది కాదు," అంది. "రేపటినుంచి ఆ పాఠం చెప్పు. బోర్డు తుడవకు."